పక్షవాతం చీటీలో ఈసీజీ, ఎకో, ఎంఆర్ఐ: ఏ పరీక్ష ఏం చూస్తుంది, రిపోర్టు ఎలా చదవాలి

పక్షవాతం వచ్చిన మనిషిని వార్డులో చేర్చాక, డ్యూటీ డాక్టరు రాసిన చీటీ పట్టుకుని బయటికొచ్చిన బంధువులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "దెబ్బ మెదడుకి కదండీ, గుండెకి పరీక్షలెందుకు రాశారు?" బిల్లు పెంచడానికే రాశారన్న అనుమానం కూడా ఆ ప్రశ్నలో ఉంటుంది. అనుమానపడటం తప్పు కాదు గానీ, ఈ విషయంలో మాత్రం సమాధానం చాలా సూటిగా ఉంది. మెదడులో రక్తనాళాన్ని మూసేసిన గడ్డ కొంతమందిలో మెదడులో పుట్టినది కాదు, గుండెలో పుట్టి అక్కడికి కొట్టుకొచ్చినది. ఆ దారి పొడవునా వెతకాలంటే ఈసీజీ, ఎకో, ఎంఆర్ఐ మూడూ కావాలి. ఒకదాని పని మరొకటి చేయదు.

అందుకే ఈ మూడు పరీక్షల గురించి విడివిడిగా కాకుండా, మూడూ అవసరమైన ఒకే కేసు పట్టుకుని చెబుతాను. ఉదాహరణ కోసం అల్లిన కేసే అయినా, ఇందులో ఉన్నవన్నీ మన ఆసుపత్రుల్లో మామూలుగా కనిపించేవే.

రోగి 44 ఏళ్ళ ఆవిడ. పొద్దున వాకిట్లో కళ్ళాపి చల్లుతుండగా కుడిచేతిలోంచి చెంబు జారిపోయింది. మూతి ఎడమవైపు లాగింది, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్ళు ముందు పసరు మందు పోసే ఊరికి తీసుకెళ్ళారు. ఆసుపత్రికి వచ్చేసరికి చెంబు జారిన దగ్గర్నుంచి 7 గంటలు దాటింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలే గడువు. ఆ గడువు దారిలోనే అయిపోయింది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా మొదట చేయాల్సింది 108కి ఫోన్. ఈ వ్యాసంలో మిగతాదంతా దాని తర్వాతే.

చీటీలో నాలుగు లైన్లున్నాయి: సీటీ బ్రెయిన్, 12 లీడ్ ఈసీజీ, 2డీ ఎకో, ఎంఆర్ఐ బ్రెయిన్ విత్ డీడబ్ల్యూఐ.

మొదటి మెట్టు: చీటీ చదవడం

ప్రతి లైన్లోనూ మూడు సంగతులు వెతకండి: పరీక్ష పేరు, శరీరంలో ఏ భాగానికి లేదా ఏ రకం, ఎందుకు.

ఈసీజీ అంటే ఎలక్ట్రోకార్డియోగ్రామ్. గుండె కొట్టుకునేటప్పుడు అందులో నడిచే విద్యుత్తును కాగితం మీద గీతగా గీసే పరీక్ష. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఈకేజీ అంటే కంగారు పడనక్కర్లేదు, జర్మన్ స్పెల్లింగ్ నుంచి వచ్చిన పేరు, రెండూ ఒకటే. ఈఈజీ మాత్రం వేరు. అది మెదడు విద్యుత్తుకి, ఎక్కువగా ఫిట్స్ వచ్చినప్పుడు రాస్తారు. చేతిరాతలో సీకి, ఈకి తేడా తెలియక ఒక గదికి వెళ్ళాల్సినవాళ్ళు ఇంకో గది ముందు కూర్చోవడం మామూలే.

ఎకో అంటే ఎకోకార్డియోగ్రామ్. అల్ట్రాసౌండ్‌తో గుండెను కదులుతుండగా చూడటం. కడుపు స్కానింగ్‌లో వాడేదీ ఇదే ధ్వని. 2డీ ఎకో అని రాసినా, ఒట్టి ఎకో అని రాసినా, టీటీఈ అని రాసినా మామూలుగా ఛాతీ మీద నుంచి చేసే ఎకోయే.

ఎంఆర్ఐ అంటే మాగ్నెటిక్ రెసొనెన్స్ ఇమేజింగ్. పెద్ద అయస్కాంతంలో పడుకోబెట్టి, రేడియో తరంగాలతో శరీరంలోని నీటి అణువుల నుంచి సంకేతాలు రాబట్టి బొమ్మ కట్టడం. ఎంఆర్ఐ అన్న మాట ఒక్కటీ చూసి ఏమీ తేల్చలేం. పక్కన బ్రెయిన్ అని ఉందా, నడుం వెన్నెముకకి రాసే ఎల్ఎస్ స్పైన్ అని ఉందా, మోకాలా అన్నది చూడాలి. ప్లెయిన్ అంటే మందు ఎక్కించకుండా, కాంట్రాస్ట్ అంటే నరంలోకి మందు ఎక్కించి.

ఇక ఎందుకు అన్న ముక్క. ఆర్ బై ఓ అని రాసి పక్కన జబ్బు పేరుంటే ఆ జబ్బు ఉందని కాదు, లేదని తేల్చుకోవడానికి అని. జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం ఉన్నా అంతే, డాక్టరుకి అనుమానం మాత్రమే. ఆ పేరును ఫోన్లో వెతికి ఇంటిల్లిపాదీ ఏడవటం మొదలుపెట్టిన కుటుంబాలు ఉన్నాయి. కే బై సీ బై ఓ అని ఉంటే మాత్రం ఆ జబ్బు ముందునుంచీ ఉన్నట్టు తెలిసిందే.

సీటీ ముందు ఎందుకంటే, మెదడులో రక్తం చిట్లిందా అన్నది అది కొద్ది నిమిషాల్లో చెబుతుంది. రక్తస్రావమైతే వైద్యం దారే వేరు. మన కేసులో సీటీ నార్మల్ అని వచ్చింది. దాంతో "ఏం లేదట" అని ఊరికి ఫోన్లు వెళ్ళాయి. కానీ నాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతం మొదటి గంటల్లో సీటీలో కనిపించకపోవచ్చు. అక్కడ నార్మల్ అంటే రక్తం చిట్లలేదని మాత్రమే.

రెండో మెట్టు: ఈసీజీ

అయిదు నిమిషాల పని, మంచం దగ్గరే అయిపోతుంది. పరగడుపున ఉండక్కర్లేదు. రెండు చేతులకు, రెండు కాళ్ళకు క్లిప్పులు, ఛాతీ మీద జెల్ రాసి ఆరు రబ్బరు బుడ్డీలు లేదా స్టిక్కర్లు పెడతారు. మొత్తం పది అంటిస్తారు గానీ యంత్రం వాటితో 12 కోణాల నుంచి గీతలు లెక్కకడుతుంది. చీటీలో ఉన్న 12 లీడ్ అంటే అదే. షాక్ కొట్టదు, యంత్రం శరీరంలోకి కరెంటు పంపదు, గుండెలో పుట్టే కరెంటునే కొలుస్తుంది.

ఈ యంత్రాన్ని 20వ శతాబ్దం మొదట్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెం ఐంతోవెన్ తయారుచేశాడు. 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది. అప్పట్లో క్లిప్పులు లేవు, రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళ పాత్రల్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఇప్పటికీ గీతల్లో మొదటి మూడు లీడ్లు ఆ రెండు చేతులు, ఎడమకాలి లెక్కే.

కాగితం మీద చిన్న గడి ఒక మిల్లీమీటరు, అంటే 0.04 సెకను. అయిదు చిన్న గడులు కలిస్తే ఒక పెద్ద గడి, 0.2 సెకను. పొడుగ్గా లేచే ముల్లు లాంటి గీత ఒక గుండె కొట్టుకోవడం. పక్కపక్కనున్న రెండు ముళ్ళ మధ్య పెద్ద గడులు లెక్కపెట్టి 300ని దానితో భాగిస్తే నిమిషానికి వేగం వస్తుంది. నాలుగు గడులుంటే 75. మామూలు మనిషిలో ముళ్ళ మధ్య దూరం ఇంచుమించు సమానంగా ఉంటుంది, ప్రతి ముల్లుకీ ముందు ఒక చిన్న గుండ్రటి గుబ్బ ఉంటుంది. ఆ గుబ్బను పీ తరంగం అంటారు. గుండె పై గదులు ముడుచుకోబోతున్నాయని దానర్థం.

మన కేసులో కాగితం అలా లేదు. ఒక చోట ముళ్ళ మధ్య రెండు గడులు, తర్వాత నాలుగు, ఆ తర్వాత రెండున్నర. ఎక్కడా లయ లేదు. ముల్లుకి ముందు గుబ్బ లేదు, గీతంతా సన్నగా వణుకుతోంది. ఇలాంటప్పుడు 300 లెక్క పనికిరాదు. కాగితం కింద 10 సెకన్ల పొడవున నడిచే గీతలో ముళ్ళన్నీ లెక్కపెట్టి ఆరుతో హెచ్చించాలి. 19 ముళ్ళున్నాయి, అంటే నిమిషానికి 114. యంత్రం పైన అచ్చు వేసిన మాట ఏట్రియల్ ఫిబ్రిలేషన్. చీటీల్లో ఏఎఫ్ అని రాస్తారు. గుండె పై గదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతున్నాయన్నమాట. ముడుచుకోని గదిలో రక్తం నిలవ ఉంటుంది, నిలవ ఉన్న రక్తం గడ్డకడుతుంది. దారిలో మొదటి ఆనవాలు దొరికినట్టే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. యంత్రం అచ్చు వేసిన మాట డాక్టరు మాట కాదు. రోగి వణుకుతున్నా, చలిగా ఉన్నా, వైరు వదులైనా గీత వణికి యంత్రం తప్పు పేరు పెడుతుంది. అబ్‌నార్మల్ ఈసీజీ అని పైన కనబడగానే గుండె జారనక్కర్లేదు, డాక్టరు చూసి సంతకం పెట్టాక అడగండి. రెండోది, చేతుల వైర్లు తారుమారవడం. మన దగ్గర ఎక్కువ యంత్రాల్లో కుడిచేతికి ఎరుపు, ఎడమచేతికి పసుపు, ఎడమకాలికి ఆకుపచ్చ, కుడికాలికి నలుపు. ఎరుపు, పసుపు మారిపోతే ఒకటో లీడ్‌లో ముల్లు తలకిందులుగా కిందికి దిగుతుంది. చాలామందిలో అది పైకే ఉండాలి. కిందికి ఉంటే "ఒకసారి వైర్లు చూసి మళ్ళీ తీస్తారా అండీ" అని అడగటంలో తప్పులేదు.

ఈసీజీ ఏం చెప్పలేదు అన్నది కూడా తెలియాలి. గుండె ఎంత బలంగా రక్తాన్ని తోస్తోందో ఇది చూపదు. వాల్వులు చూపదు. గుండె నాళాల్లో బ్లాకులున్నాయో లేదో నేరుగా చూపదు. గుండెపోటు వస్తున్న మనిషిలోనూ మొదటి ఈసీజీ మామూలుగా ఉండొచ్చు. అందుకే ఛాతీ నొప్పి తగ్గకపోతే కాసేపటికి మళ్ళీ తీస్తారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూస్తారు. ఇంకో లోటు ఏమిటంటే, అది చూసేది ఆ పది సెకన్లనే. ఏఎఫ్ కొందరిలో వచ్చిపోతూ ఉంటుంది. తీసిన వేళకి లేకపోతే దొరకదు. అప్పుడు 24 గంటలో, అంతకన్నా ఎక్కువో ఒంటికి చిన్న యంత్రం కట్టి పంపుతారు. హోల్టర్ అని చీటీలో ఉంటే అదే.

మూడో మెట్టు: ఎకో

లయ తప్పిందని ఈసీజీ చెప్పింది. 44 ఏళ్ళకే ఎందుకు తప్పింది? ఈ ప్రశ్న గుండె లోపలి రూపం చూస్తే గానీ తేలదు.

మామూలు ఎకోకి పస్తు అక్కర్లేదు. ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోమంటారు, ఎడమచెయ్యి తలకింద పెట్టుకోమంటారు. అలా పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా వస్తుంది, మధ్యలో ఊపిరితిత్తి అడ్డు తగ్గుతుంది. గాలిలోంచి అల్ట్రాసౌండ్ సరిగా వెళ్ళదు, జెల్ రాయడమూ అందుకే. పక్కటెముకల మధ్య ప్రోబు నొక్కి పెడతారు, కాస్త ఒత్తిడి తప్ప నొప్పి ఉండదు. సాధారణంగా అరగంటలోపు అవుతుంది. స్థూలకాయం ఉన్నవాళ్ళలో, ఎన్నాళ్ళుగానో ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళలో బొమ్మ మసకగా వస్తుంది. రిపోర్టులో పూర్ ఎకో విండో అని ఉంటే రోగం ముదిరిందని కాదు, బొమ్మ సరిగా కనబడలేదని.

ఈ పద్ధతికి పునాది వేసింది స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్, హెల్ముట్ హెర్ట్స్ అనే ఇద్దరు. 1953లో వాళ్ళు మొదట వాడింది ఓడల కర్మాగారంలో లోహపు పలకల్లో పగుళ్ళు పట్టే యంత్రాన్ని. ఎడ్లర్ దానితో పట్టుకోవాలనుకున్న జబ్బుల్లో ముఖ్యమైనది మైట్రల్ వాల్వు ఇరుకు. మన కేసులో తేలబోయేదీ అదే.

తెర మీద రంగులు చూసి చాలామంది బెదిరిపోతారు. ఎర్రగా ఉన్నది మంచి రక్తం, నీలంగా ఉన్నది చెడు రక్తం అనుకుంటారు. అలా కాదు. రంగు రక్తం పోయే దిక్కుకి గుర్తు. ప్రోబు వైపు వస్తుంటే ఎరుపు, దూరంగా పోతుంటే నీలం. డాప్లర్ అనే భాగం ఇది, రక్తం ఎంత వేగంతో పోతోందో కూడా కొలుస్తుంది. మధ్యమధ్య వచ్చే బుస్సుమనే శబ్దం ఆ కొలతదే.

రిపోర్టు చేతికొచ్చాక అందరి కళ్ళూ వెళ్ళేది ఈఎఫ్ అనే అంకె మీదకే. ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటే, కింది ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్క కొట్టుకోవడానికి ఎంత వంతు బయటికి పోయింది అని. ఉదాహరణకి గది నిండినప్పుడు 100 మిల్లీలీటర్లు, ముడుచుకున్నాక 40 మిగిలితే, పోయింది 60. ఈఎఫ్ 60 శాతం. అంటే గుండె 60 శాతమే పనిచేస్తోందని, 40 శాతం పాడైందని కాదు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా గదిని పూర్తిగా ఖాళీ చేయదు. కొద్ది తేడాతో 55 నుంచి 70 దాకా మామూలే. 40, అంతకన్నా తక్కువైతే పంపింగ్ బాగా తగ్గిందని లెక్క. చూసే మనిషి, పద్ధతి మారితే కొద్ది అంకెలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి, గత ఏడాది 62, ఈసారి 58 అని దిగులు పడనక్కర్లేదు.

మన కేసులో ఈఎఫ్ 60. ఇంట్లోవాళ్ళకి ఊరట. కానీ అసలు సంగతి కింది లైన్లలో ఉంది.

మైట్రల్ వాల్వు ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది. తెరుచుకుంటే దాని దారి మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. ఈవిడలో 1.2. ఒకటిన్నర, అంతకన్నా తగ్గితే తీవ్రం అంటారు. రేకులు మందమై, అంచులు అతుక్కుపోయి, తెరుచుకున్నప్పుడు చేపనోరులా సన్నగా కనిపిస్తోంది. రిపోర్టులో రుమాటిక్ హార్ట్ డిసీజ్, సివియర్ ఎంఎస్ అని రాశారు, ఎంఎస్ అంటే మైట్రల్ వాల్వు ఇరుకు. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ళ వాపులతో వచ్చే రుమాటిక్ జ్వరం మిగిల్చిన మచ్చ ఇది. మనదేశంలో ఇంకా ఉన్న జబ్బే. 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకుంటూ పెరిగినవాళ్ళు చాలా ఊళ్ళలో కనిపిస్తారు. వెనక్కి అడిగితే ఈవిడకీ బడికెళ్ళే వయసులో మోకాళ్ళు వాచి మంచం పట్టిన సంగతి తల్లికి గుర్తొచ్చింది. ఇంజెక్షన్లు మాత్రం కొన్నాళ్ళకే ఆపేశారు.

దారి ఇరుకైతే రక్తం పై గదిలో వెనక్కి ఆగుతుంది. ఆ గది సాగుతుంది. మామూలుగా 4 సెంటీమీటర్ల లోపుండే ఎడమ పై గది ఈవిడలో 5.2. సాగిన గోడల్లో విద్యుత్తు చెదిరి ఏఎఫ్ మొదలైంది. ఈసీజీలో కనిపించిన దానికి కారణం ఇక్కడ దొరికింది. ఈఎఫ్ బాగుండటానికీ కారణం ఇదే: జబ్బు పై గదికీ వాల్వుకీ పట్టింది, కింది గది తనకి అందినంత రక్తాన్ని బాగానే తోస్తోంది. ఈఎఫ్ ఒక్కటే చూసి రిపోర్టు మడిచేసేవాళ్ళకి ఈ కేసు మొత్తం తప్పిపోతుంది.

రిపోర్టు చివర మూడు మాటలు మామూలుగా ఉంటాయి: నో క్లాట్, నో పీఈ, నో వెజిటేషన్. వరసగా గడ్డ లేదు, గుండె చుట్టూ నీరు లేదు, వాల్వు మీద ఇన్‌ఫెక్షన్ ముద్ద లేదు అని. గడ్డ లేదన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఏఎఫ్‌లో గడ్డలు ఎక్కువగా దాక్కునేది ఎడమ పై గదికి అతుక్కుని ఉండే చిన్న సంచిలో. ఛాతీ మీద నుంచి చేసే ఎకోకి ఆ మూల సరిగా కనబడదు. దాన్ని చూడాలంటే గొంతులోంచి సన్నటి గొట్టం దింపి చేసే టీఈఈ కావాలి, అన్నవాహిక గుండె వెనకే ఉంటుంది కాబట్టి. దానికి మాత్రం కొన్ని గంటల పస్తు తప్పదు. మామూలు ఎకో అనుకుని టిఫిన్ తినిపించి తీసుకొస్తే ఆ రోజుకి వెనక్కి పంపేస్తారు.

ట్రివియల్ ఎంఆర్, ట్రివియల్ టీఆర్ అన్న మాటలు చాలా రిపోర్టుల్లో కనిపిస్తాయి. ఎంఆర్ అంటే ఇక్కడ మైట్రల్ వాల్వు లీకు, ఎంఆర్ఐకీ దీనికీ సంబంధం లేదు. టీఆర్ అంటే గుండె కుడివైపున్న ట్రైకస్పిడ్ వాల్వు లీకు. ట్రివియల్ అంటే లెక్కలోకి రానంత. ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ కనిపిస్తుంది. ఇక గుండె రక్తనాళాల్లో బ్లాకుల విషయం: ఎకో వాటిని నేరుగా చూపదు. ఆర్‌డబ్ల్యూఎంఏ అని ఉంటే గుండె గోడలో ఒక భాగం సరిగా కదలడం లేదని, ఆ భాగానికి వెళ్ళే నాళంలో ఇబ్బంది ఉండొచ్చని అనుమానిస్తారు. తేల్చేది యాంజియోగ్రామ్.

నాలుగో మెట్టు: ఎంఆర్ఐ

మూడింటిలో సిద్ధపడాల్సింది దీనికే. అయస్కాంతం బలం మామూలుగా 1.5 టెస్లా, కొన్నిచోట్ల 3. ఒకటిన్నర టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. ఎక్స్-రేలు ఉండవు, రేడియేషన్ భయం లేదు. భయపడాల్సింది ఇనుముకి. లోపల రోగి లేనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది, రాత్రిపూట స్విచ్ కట్టేసే వస్తువు కాదు. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో రోగి బంధువు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని గదిలోకి వెళితే, అయస్కాంతం సిలిండర్‌తో పాటు మనిషినీ లాగేసింది, అతను చనిపోయాడు. కాబట్టి టెక్నీషియన్ రమ్మనేదాకా గుమ్మం దాటకండి, ఎవరు ఏం పట్టుకెళ్ళమన్నా సరే.

ముందుగా చెప్పాల్సినవి, వాళ్ళు అడగకపోయినా చెప్పాల్సినవి: పేస్‌మేకర్, చెవి లోపల అమర్చిన కాక్లియర్ యంత్రం, మెదడు నాళానికి వేసిన క్లిప్పు, లేతు మిషను లేదా వెల్డింగ్ పని చేసేవాళ్ళ కంట్లో ఎప్పుడైనా పడిన ఇనుప రజను, గర్భం. కొత్త పేస్‌మేకర్లలో ఎంఆర్ఐకి తట్టుకునేవి ఉన్నాయి, కానీ ఆ సంగతి దానితోపాటిచ్చిన కార్డు చూసి డాక్టర్లు తేల్చాలి. గుండెకి వేసిన స్టెంట్లకి, మార్చిన మోకీళ్ళకి మామూలుగా ఇబ్బంది లేదు, అయినా ఆపరేషన్ కాగితాలు వెంట తెచ్చుకోండి.

ఒంటి మీదవన్నీ తీయాలి: గాజులు, మెట్టెలు, మొలతాడుకి కట్టిన తాయెత్తు, జడపిన్నులు, హుక్కుల రవికె, కట్టుడు పళ్ళు, ఫోను, ఏటీఎం కార్డు. బంగారాన్ని అయస్కాంతం లాగదు, నిజమే. కానీ తలకీ మెడకీ దగ్గరగా లోహం ఉంటే బొమ్మ చెదురుతుంది, వేడెక్కే అవకాశమూ ఉంది. మంగళసూత్రం దగ్గర చాలామంది పెద్దవాళ్ళు మొండికేస్తారు. పసుపు కొమ్ము కట్టిన నూలుదారం మెడలో వేసి, సూత్రాలు తీసి ఇంటివాళ్ళ చేతికివ్వడం మనవాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ దారం ఇంటిదగ్గర్నుంచే తెచ్చుకుంటే గది బయట గొడవ ఉండదు.

లోపల ఇరుకు, చప్పుడు. డబడబా కొట్టే ఆ చప్పుడు యంత్రం పాడైనందువల్ల కాదు, బొమ్మ తీసేటప్పుడు లోపలి తీగచుట్టలు అదురుతాయి. చెవులకి ప్లగ్గులు ఇస్తారు, చేతిలో నొక్కే బంతి ఇస్తారు. మెదడుకి ఇంచుమించు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తల కదిలితే ఆ వరస మళ్ళీ తీయాలి. ఇరుకంటే భయమున్నవాళ్ళు ముందే చెబితే మత్తుమందు ఆలోచిస్తారు. అప్పుడు పస్తు అవసరమవుతుంది.

కాంట్రాస్ట్ అని రాస్తే గాడోలినియం మందు ఎక్కిస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో జాగ్రత్త అవసరం, క్రియాటినిన్ రిపోర్టు అడిగేది అందుకే. మామూలు పక్షవాతం ఎంఆర్ఐకి సాధారణంగా ఈ మందు అక్కర్లేదు. మన చీటీలోనూ లేదు.

ఉన్నది డీడబ్ల్యూఐ. మెదడులో రక్తం అందని కణాలు ఉబ్బుతాయి, వాటి చుట్టూ నీటి అణువులకి కదిలే చోటు తగ్గుతుంది. డీడబ్ల్యూఐ ఆ కదలిక తగ్గిన చోటుని తెల్లగా మెరిసేలా చూపిస్తుంది. సీటీలో ఇంకా ఏమీ కనబడని వేళలోనే ఇది కనబడుతుంది. దాదాపు రెండు వారాల దాకా మెరిసి తర్వాత తగ్గిపోతుంది, కాబట్టి కొత్త దెబ్బ ఏదో, పాత మచ్చ ఏదో విడదీయడానికి పనికొస్తుంది. ఇది కూడా అన్నీ పట్టేస్తుందని కాదు. మెదడు కాండంలో వచ్చే చిన్న దెబ్బలు మొదటి రోజు తప్పిపోవచ్చు. అందుకే లక్షణాలు స్పష్టంగా ఉంటే ఎంఆర్ఐ నార్మల్ అన్నా డాక్టర్లు వైద్యం ఆపరు.

మన కేసులో ఎడమ మెదడులో మిడిల్ సెరిబ్రల్ ధమని రక్తమిచ్చే భాగం మెరుస్తోంది. రిపోర్టులో అక్యూట్ ఇన్‌ఫార్క్ట్, లెఫ్ట్ ఎంసీఏ టెరిటరీ అని రాశారు. ఎడమ మెదడు దెబ్బతింటే కుడిచెయ్యి పడిపోతుంది, మాట పోతుంది, లక్షణాలతో సరిపోయింది. దానికి తోడు, కుడివైపు చిన్నమెదడులో మెరవని పాత మచ్చ ఒకటుంది. ఆరు నెలల కిందట రెండు రోజులు కళ్ళు తిరిగి వాంతులైతే పైత్యం అనుకుని వదిలేశారట. ఒకే నాళం మూసుకుపోతే దెబ్బలు ఆ నాళం పరిధిలోనే ఉండాలి. ఒకటి ఎడమ, ఇంకొకటి కుడి, అదీ వేరే నాళం పరిధిలో ఉంటే, రెండు నాళాలకీ ఉమ్మడిగా రక్తం పంపే చోటు మీదకి అనుమానం పోతుంది. ఆ చోటు గుండె.

మూడు రిపోర్టులూ పక్కపక్కన పెడితే

ఎంఆర్ఐ ఏ భాగం దెబ్బతిందో, ఇది మొదటిసారి కాదని చెప్పింది. ఈసీజీ పై గదులు వణుకుతున్నాయని చెప్పింది. ఎకో ఆ వణుకుకి మూలం ఇరుకైన వాల్వు అని చెప్పింది. దీంతో మందు మారింది. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి రాసే ఆస్పిరిన్ ఈవిడకి చాలదు. గుండెలో గడ్డ కట్టకుండా ఎసినోకుమరాల్ లేదా వార్ఫరిన్ కావాలి. వాటిని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మెదడులో దెబ్బ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు, పెద్ద దెబ్బ మీద తొందరపడితే అక్కడ రక్తం కారే ప్రమాదముంది. మొదలుపెట్టాక ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షతో మోతాదు సరిచూస్తూ 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. రక్తం పలచబరిచే కొత్త మాత్రలు మామూలు ఏఎఫ్‌కి బాగానే పనిచేస్తాయి గానీ, మైట్రల్ వాల్వు ఇంత ఇరుకైనవాళ్ళకి పాత మందులే వాడతారు. కోలుకున్నాక వాల్వును బెలూన్‌తో తెరవాలా, ఆపరేషన్ చేయాలా అన్నది టీఈఈలో గడ్డ ఉందో లేదో చూసి తేలుస్తారు. గడ్డ ఉంటే అది కరిగేదాకా బెలూన్ పెట్టరు.

డాక్టరు దగ్గర అడగాల్సిన ప్రశ్నలు కూడా దీన్నిబట్టే ఉండాలి. "అన్నీ నార్మలేనా" అని అడిగితే పొడి సమాధానమే వస్తుంది. ఈసీజీ దగ్గర "లయ సరిగా ఉందా, హోల్టర్ కావాలా", ఎకో దగ్గర "ఈఎఫ్ కాకుండా వాల్వులు, పై గది ఎలా ఉన్నాయి", ఎంఆర్ఐ దగ్గర "ఇది కొత్తదా, పాతవి కూడా ఉన్నాయా, గుండె నుంచి వచ్చిందనిపిస్తోందా" అని అడగండి.

కాగితాలు దాచుకోవడంలో ఒక సంగతి. ఎంఆర్ఐకి ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, ఇంకో ఊళ్ళో న్యూరాలజిస్టు చూడాల్సొస్తే ఫిల్ములో లేని వరసలన్నీ అందులో ఉంటాయి. ఎకోకి రిపోర్టు కాగితం చాలు. ఈసీజీ మాత్రం ఎక్కువగా థర్మల్ కాగితం మీద వస్తుంది, బస్సు టికెట్టు మాదిరే కొన్నాళ్ళకి వెలిసిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ తీయించండి, ఫోన్లో తేదీ కనబడేలా ఫోటో తీసుకోండి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడిపోయి గీత ఒక్కటీ మిగలదు.